అప్‌డేట్: 103 జ్వరంలో బ్రుగాడా ఈసీజీ వచ్చిన 26 ఏళ్ల కుర్రాడు

నా ప్రశ్న: "టాన్సిల్స్ జ్వరంతో వచ్చిన 26 ఏళ్ల అబ్బాయి ఈసీజీలో ఛాతీ లీడ్లు V1, V2లో ఎస్‌టీ గీత పైకి లేచింది. గుండెపోటు కాదు. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే ఐసీడీ పరికరం పెట్టాలా?"

మొదటి ఈసీజీలో ఎస్‌టీ 3 మి.మీ. లేచి, వాలుగా దిగి, టీ తరంగం తలకిందులైంది. అంటే బ్రుగాడా టైప్ 1, గుండె లయ హఠాత్తుగా తప్పే ముప్పున్న జన్యు జబ్బుకు గుర్తు. జ్వరం తగ్గిన మూడో రోజు మామూలు చోట లీడ్లు పెడితే అంతా నార్మల్. అదే లీడ్లను రెండో పక్కటెముకల సందుకు జరిపితే ఛాయ మళ్లీ కనిపించింది. పైకి జరపకుండా "నార్మల్" అని పంపేస్తే జబ్బు తప్పిపోయేదే.

వేడికి గుండె కణాల సోడియం ఛానెళ్లు ఇంకా మందగిస్తాయి, అందుకే జ్వరంలో బయటపడుతుంది.

ఐసీడీ పెట్టలేదు. అతను ఒకసారి పడిపోయింది క్యూలో నిలబడి, ముందు వికారం, చెమటలు పట్టాక. అది మామూలుగా సొమ్మసిల్లడమే. హెచ్చరిక లేకుండా, లేదా నిద్రలో ఊపిరి గురగురమంటూ స్పృహ తప్పి ఉంటే నిర్ణయం మారేది. లక్షణాల్లేక, జ్వరంలోనే కనిపించేవాళ్లకు ముప్పు తక్కువ, కానీ సున్నా కాదు. ఈ వయసులో పరికరం పెడితే అనవసరపు షాకులు, తీగ పాడవడం దశాబ్దాలు వెంటాడతాయి.

ఇంటికి రాసిచ్చింది: 100.4 దాటగానే పారాసిటమాల్ 650, ఆరు గంటలకొకటి. తగ్గకపోయినా, కళ్లు తిరిగినా మానిటర్ ఉన్న ఆసుపత్రికి. కొత్త మందు ఏదైనా brugadadrugs.orgలో వాడకూడని మందుల జాబితా చూశాకే. అమ్మానాన్నలకు, చెల్లెలికి ఈసీజీ ఈ వారమే.