మార్చి నెలాఖరున నష్టానికి అమ్మి మర్నాడే కొంటే తప్పా?

వేణు_మారతహళ్ళి: ఈ ఏడాది ఒక షేరులో 2 లక్షల షార్ట్ టర్మ్ లాభం వచ్చింది. ఇంకో కంపెనీవి 300 షేర్లు 1,000 చొప్పున కొన్నాను, ఇప్పుడు 600కి పడ్డాయి. అవి అమ్మి నష్టం చూపించి, మళ్ళీ అవే కొనుక్కుందామని ఆలోచన. 30 రోజులు ఆగి కొనాలని ఆఫీసులో అంటున్నారు. నిజమేనా?

కిరణ్_కోరమంగళ: నిజమే బ్రదర్. వాష్ సేల్ రూల్ అంటారు. 30 రోజుల్లోపు కొంటే నష్టం లెక్కలోకి రాదు.

పద్దులరావు: కిరణ్ గారూ, ఆ 30 రోజులు అమెరికా చట్టంలోవి. అక్కడ అమ్మిన రోజుకి ముందు 30, తర్వాత 30, ఆ రోజుతో కలిపి 61 రోజుల్లో అదే షేరు కొంటే నష్టం ఒప్పుకోరు. మన ఆదాయపు పన్ను చట్టంలో మామూలు షేర్లకు అలాంటి గడువు లేదు.

వేణు గారి లెక్క చూద్దాం. షేరుకి 400 చొప్పున 300 షేర్ల మీద నష్టం 1,20,000. ఆ మేరకు 2 లక్షల లాభం 80,000కి దిగుతుంది. తగ్గిన 1,20,000 మీద 20 శాతం చొప్పున పన్ను 24,000, సెస్సుతో 24,960 మిగులుతుంది. ఖర్చు పెద్దగా లేదు. 1,80,000 మీద అమ్మేటప్పుడు 0.1 శాతం, కొనేటప్పుడు మరో 0.1 శాతం, షేర్ల లావాదేవీ పన్ను ఎస్‌టీటీ కలిపి 360. స్టాంపు డ్యూటీ 27. ఆపైన డీమ్యాట్ నుంచి షేర్లు తీసినందుకు డీపీ చార్జీ.

కాకపోతే ఇదేమీ ఉచితంగా వచ్చిన డబ్బు కాదు. 600కి మళ్ళీ కొన్నాక మీ కొనుగోలు ధర 600. రేపు షేరు తిరిగి 1,000కి వస్తే అదే 1,20,000 లాభంగా తేలుతుంది. ఏడాదిలోపు అమ్మితే ఇవాళ మిగిలిన 24,960 అప్పుడు కట్టాల్సిందే.

సరళ_వైట్‌ఫీల్డ్: నాదీ ఇదే గొడవ. మా కంపెనీ అమెరికాది, జీతంలో భాగంగా దాని షేర్లు ఇస్తుంది. నవంబరులో నష్టానికి కొన్ని అమ్మాను. మూడు వారాలకి కొత్త విడత షేర్లు ఖాతాలో పడ్డాయి. ఇప్పుడు అక్కడి బ్రోకరు స్టేట్‌మెంట్‌లో ఆ నష్టం పక్కన వాష్ సేల్ అని వేసి సున్నా చూపిస్తోంది. పోయినట్టేనా?

పద్దులరావు: లేదమ్మా. కొత్త విడత పడటాన్ని అక్కడి చట్టం కొనడంగానే చూస్తుంది, అందుకే ఆ ముద్ర. మీరు ఇక్కడి రెసిడెంటు, ఇక్కడి రిటర్నులో ఇక్కడి చట్టమే. మీ పాత విడత పడిన రోజు ధరకి జీతంలో పన్ను కోసే ఉంటారు, మీ కొనుగోలు ధర అదే. దాన్నుంచి నష్టం లెక్కేయండి. జాగ్రత్త ఒక్కటే, కొత్త విడతకి బ్రోకరు సరిచేసి చూపించే ధర వాడొద్దు. ఒప్పుకోని నష్టాన్ని అందులో కలిపేసి ఉంటారు. అది వాడితే ఒకే నష్టాన్ని రెండుసార్లు చూపినట్టవుతుంది.

కిరణ్_కోరమంగళ: సరే, 30 రోజులు ఇక్కడ లేవు, ఒప్పుకున్నా. కానీ పన్ను ఎగవేతని ఆపే గార్ నిబంధన ఉంది కదా? పన్ను ఎగ్గొట్టడానికే చేసిన లావాదేవీని ఆఫీసరు కొట్టేయొచ్చు.

పద్దులరావు: గార్ కదలాలంటే పన్ను లాభం 3 కోట్లు దాటాలి. వేణు గారిది పాతిక వేలు.

కిరణ్_కోరమంగళ: మీరెప్పుడూ అంకె దగ్గరే ఆగుతారు. బోనస్ ముందు కొని, బోనస్ వచ్చాక పాతవి నష్టానికి అమ్మేవాళ్ళని సర్కారు ఆపలేదా? ఇదీ అదే కదా.

పద్దులరావు: అదే కాదు. 1961 చట్టం సెక్షన్ 94(8) మాట మీరు చెప్పేది. మొదట్లో అది ఫండ్ యూనిట్లకే ఉండేది, 2022 ఫైనాన్స్ చట్టంతో షేర్లకీ వచ్చింది. బోనస్ ఎవరికి రావాలో తేల్చే రికార్డు తేదీకి ముందు 3 నెలల్లోపు కొని, తర్వాత 9 నెలల్లోపు పాతవి అమ్మి, బోనస్ షేర్లు ఉంచుకుంటే ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకోరు. ఎందుకు? 1:1 బోనస్ ఇస్తే 1,000 షేరు రెండు 500లు అవుతుంది. సంపద తగ్గలేదు, ధర విడిపోయిందంతే. వేణు గారి షేరు నిజంగానే పడింది.

ఇంకోటి గమనించండి. ఆ ఒప్పుకోని నష్టాన్ని చట్టం మింగేయదు, చేతిలో ఉన్న బోనస్ షేర్ల ఖరీదుగా మారుస్తుంది. అమెరికా రూలూ అంతే. 1,000కి కొన్నది 600కి అమ్మి పది రోజుల్లో 610కి కొంటే, ఒప్పుకోని 400ని కొత్త ధరకి కలిపి 1,010 చేస్తారు. పాత షేరు పట్టుకున్న కాలమూ కొత్తదానికి జతవుతుంది. నష్టం పోదు, వాయిదా పడుతుంది. వాళ్ళ రిటైర్‌మెంట్ ఖాతాలో కొంటే మాత్రం ఆ నష్టం గంగలో కలిసినట్టే.

కిరణ్_కోరమంగళ: సెక్షన్లు వల్లించడం ఆపండి సార్. సూటిగా అడుగుతున్నా. ఇవాళ 300, రేపు 300. మధ్యలో వాడి చేతిలో ఏం మారింది? ఏమీ మారనప్పుడు నష్టం ఎక్కడిది?

పద్దులరావు: రాత్రికి రాత్రి షేరు 640కి లేస్తే 12,000 చేజారుతుంది. ఆ రిస్కు వాడిదేగా. అమెరికావాళ్ళు 30 రోజులు పెట్టింది ఆ రిస్కు గట్టిగా తగలాలనే. మన పార్లమెంటు ఆ గీత గీయలేదు. గీయదలచిన చోట గీసింది. డివిడెండు కోసం కొని నష్టానికి అమ్మిన వాల్‌ఫోర్ట్ కేసులో 2010లో సుప్రీంకోర్టు, దాన్ని ఆపే రూలు రాకముందు చేసినవాటికి నష్టం ఇవ్వాల్సిందే అంది.

కిరణ్_కోరమంగళ: ఒక్క రాత్రి రిస్కుకి పాతిక వేలా! నా జీతంలో పన్ను నేను చూడకముందే కోసేస్తారు. వాయిదా వేసుకుంటానంటే ఊరుకుంటారా? షేర్లున్నవాడికి మాత్రం తారీఖు వాడే ఎంచుకునే వెసులుబాటు. నా అభ్యంతరం అదీ, 30 రోజులు కాదు.

నెల్లూరు_చెన్నై: ఆ మాట మొదటే అనుంటే రెండు పేజీలు మిగిలేవి 😀

పద్దులరావు: అది వేరే వాదన, అందులో కొంత పస ఉంది. ఇవాళ 20 శాతం లాభానికి ఎదురుగా వాడిన నష్టం, ఏడాది దాటాక 12.5 శాతం లాభంగా తిరిగొస్తుంది. 1.25 లక్షల మినహాయింపులో పడితే సున్నా. ఈ తేడా వాయిదా కాదు, నిఖార్సైన లాభమే. కానీ షేరు 1,000 నుంచి 2,000 అయినప్పుడు కూడా అమ్మేదాకా పన్ను అడగరు కదా. లాభానికి అమ్మకమే కొలత అయితే నష్టానికీ అదే ఉండాలి.

కిరణ్_కోరమంగళ: రెండింటికీ తారీఖు ఎంచుకునేది వాడే అయినప్పుడు అది కొలత ఎలా అవుతుంది?

వేణు_మారతహళ్ళి: మీరిద్దరూ కానివ్వండి. నేను ఇవాళ పొద్దున 602కి 300 అమ్మేసి, మధ్యాహ్నం 599కి తిరిగి కొనేశాను. కానీ యాప్‌లో సగటు ధర ఇంకా పాతదే ఉంది. రేపు మారుతుందా?

పద్దులరావు: మారదు. ఒకే ఖాతాలో ఒకే రోజు అమ్మి కొంటే రెండూ కొట్టేసుకుపోతాయి. డీమ్యాట్ నుంచి షేర్లు కదల్లేదు, కాబట్టి అది ఇంట్రాడే. షేరుకి 3 చొప్పున 900 స్పెక్యులేషన్ లాభం వచ్చింది, దాని మీద పన్ను మీ శ్లాబు ప్రకారం. 1,20,000 నష్టం ఇంకా కాగితం మీదే ఉంది. నెలాఖరుకి ఇంకా రెండు ట్రేడింగ్ రోజులున్నాయి. రేపు అమ్మి ఎల్లుండి కొనండి. మీ కాంట్రాక్ట్ నోటు మీద అమ్మిన తేదీ మార్చిలో ఉంటే చాలు.

ఇంతకీ ఆ డీమ్యాట్‌లో అదే కంపెనీవి ఇంకా పాత షేర్లున్నాయా? ముందు వచ్చినవే ముందు అమ్మినట్టు లెక్క.

వేణు_మారతహళ్ళి: 2021లో 350కి కొన్నవి 100 ఉన్నాయి...

పద్దులరావు: అయితే 300 అమ్మితే మొదట పోయేవి అవే. వాటి మీద 25,000 లాంగ్ టర్మ్ లాభం, మిగతా 200 మీద 80,000 నష్టం. పైన వేసిన లెక్కంతా మళ్ళీ వేయాలి. అమ్మకండి, ఆగండి, ముందు హోల్డింగ్స్ స్టేట్‌మెంట్ తేదీలతో సహా పెట్టండి.