పైజామాలో ‘పై’ ఎక్కడిది?

ఉప్పాడ అబ్బాయి: ఒక చిన్న డౌట్. నిన్న మా అక్క కొడుకు బట్టలు మడతపెడుతూ అడిగాడు, “మామయ్యా, పైజామా కిందకి కదా వేసుకుంటాం, మరి ‘పై’ ఎందుకు?” నిజమే కదా. పైపంచె, పైకండువా, పైట, అన్నీ పైన వేసుకునేవే. ఇదొక్కటే అడ్డం తిరిగింది. లాల్చీ పేరు దీనికి, దీని పేరు లాల్చీకి మారిపోయాయేమో అన్నాను. వాడు నమ్మలేదు.

లెక్కల మాస్టారు: నమ్మకపోవడమే మంచిదైంది. అది మన పై కాదు నాయనా. హిందీలో పైర్ అంటే కాలు. పైర్, జామా కలిసి, మధ్యలో రేఫ జారిపోయి పైజామా అయింది. కాలికి తొడిగేది అని అర్థం. దాన్నే ఇంగ్లీషువాళ్లు పట్టుకుపోయారు. అన్నట్టు మా తాతగారు పైజామా అనేవారు కాదు, ఇజారు అనేవారు.

పాతబస్తీ: మాస్టారూ, అర్థం మీరన్నదే, దారి మాత్రం వేరు. రేఫ జారిపోలేదు, అసలు అక్కడ లేనే లేదు. ఫారసీలో కాలిని పా అంటారు, పాయ్ అని కూడా అంటారు. జామా అంటే ఉడుపు. పా అన్నవాళ్లకు పాజామా, పాయ్ అన్నవాళ్లకు పాయ్‌జామా. మన నోళ్లలో నలిగింది రెండోది. మనకు ‘పై’ అన్న మాట ముందే ఉంది కాబట్టి, అర్థం కుదరకపోయినా ఆ చప్పుడు మనకు కొత్తగా అనిపించలేదు. హిందీ పైర్ దీనికి దూరపు చుట్టమే, తండ్రి కాదు. మీ తాతగారి ఇజారు అరబ్బీది, దాని కథ వేరే.

పాయ్ మాత్రం మనకు కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో తెల్లవారుజామున నహారీతో తినే పాయా ఏమిటి? మేక కాళ్లే. మంచాన్ని చార్‌పాయ్ అనడం దాని నాలుగు కాళ్లను బట్టే.

డాలస్ అమ్మమ్మ: మీరంతా కాళ్ల గురించి మాట్లాడుతున్నారు, నాకు చొక్కా దగ్గర వచ్చింది చిక్కు. మా మనవడి బళ్లో పైజామా రోజు అన్నారు. నేను వాడి ఉగాది లాల్చీ, పైజామా ఇస్త్రీ చేసి, బొట్టు పెట్టి మరీ పంపించాను. తీరా చూస్తే మిగతా పిల్లలంతా ఎలుగుబంటి బొమ్మల చొక్కాలు, ప్యాంట్లు వేసుకుని నిద్రమొహాలతో వచ్చారట. వాడు ఇంటికొచ్చి “అమ్మమ్మా, పైజామా అంటే షర్ట్ కూడా” అని నాకు పాఠం చెప్పాడు. కాలి గుడ్డ అన్నప్పుడు దాంట్లోకి చొక్కా ఎలా దూరిందండీ?

పాతబస్తీ: అమ్మా, మీ మనవడి మాట ఇంగ్లీషు లెక్కన రైటే, మీ ఇస్త్రీ మన లెక్కన రైటు. ఇంగ్లీషులో ఈ మాట మొదట కనిపించేది 1800లో, టిప్పు సుల్తాను బట్టల జాబితాలో. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆయన సామాన్లన్నీ లెక్కరాసుకున్నారు కదా. అందులో ‘పై జామాలు’ అని రాసి, పక్కనే ‘అంటే డ్రాయర్లు’ అని వివరం ఇచ్చారు. అంటే చదివేవాళ్లకు ఆ మాట ఇంకా తెలియదు. అప్పటికి చొక్కా ఊసే లేదు.

తర్వాత కంపెనీ దొరలు ఇంటిపట్టున, ఉక్కపోతలో ఇవే తొడుక్కుని చుట్టలు కాల్చుకుంటూ కూర్చునేవారు. పగలు ఆఫీసుకు పనికిరాని బట్ట కాబట్టి మెల్లగా పడకబట్ట అయింది. దానిమీదికి ఒక పల్చని చొక్కా జత చేసి 1880ల నాటికి పైజామా సూట్ అన్నారు. జత మొత్తానికీ కాలి పేరే నిలిచిపోయింది. చివరన ఉన్న ‘స్’ కూడా వాళ్ల అలవాటే. ట్రౌజర్స్, బ్రీచెస్ లాగా రెండు కాళ్లున్న బట్ట ఏదైనా వాళ్లకు బహువచనమే. మనకు అది ఒక్క పైజామా. ఇప్పుడు వాళ్ల పిల్లలు ముద్దుగా జామీస్ అంటారు, అంటే కాలు తీసేసి ఉడుపు మిగుల్చుకున్నారన్నమాట!

లెక్కల మాస్టారు: అంటే ఇంగ్లీషువాళ్లకు నిద్రపోయేటప్పుడు ప్యాంటు వేసుకోవచ్చని మనమే నేర్పామంటారు.

పాతబస్తీ: అంత తేలిగ్గా చెప్పలేం. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు, ఈ అలవాటు ఇంగ్లీషువాళ్లకు పోర్చుగీసువాళ్ల నుంచి వచ్చి ఉంటుందంటుంది. పిరార్ అనే ఫ్రెంచి యాత్రికుడు 1610 ప్రాంతంలో గోవా ఆసుపత్రి గురించి రాస్తూ, ఇక్కడి పోర్చుగీసువాళ్లు కాల్సాన్లు, అంటే లాగులు, లేనిదే పడుకోరు అన్నాడు. టిప్పు జాబితాకు దాదాపు రెండొందల ఏళ్ల ముందు సంగతి ఇది. మాట పుట్టుకను బట్టి వస్తువు ప్రయాణం చెప్పేయబోతే ఇక్కడే దెబ్బతింటాం. మాట హిందుస్తానీ దారిన వచ్చింది కానీ, అలవాటు గోవా దారిన వచ్చి ఉండొచ్చు.

అదే నిఘంటువులో ఒక ముచ్చట ఉంది. లండన్ జెర్మిన్ స్ట్రీట్‌లో ఒక దర్జీ ఉండేవాడు. ఆ ఊళ్లో కుట్టిన పైజామాలకు కొన్నిటికి కింద మేజోళ్లలా పాదాలు కూడా ఉండేవి. అవెందుకయ్యా అని అడిగితే, “చెదపురుగుల కోసమనుకుంటానండీ” అన్నాడట. చెద కాళ్లను కొరుకుతుందని ఎవరు చెప్పారో అతనికి!

ఉప్పాడ అబ్బాయి: అయితే టీపాయ్‌లో కూడా అదే పాయ్ ఉందా?

లెక్కల మాస్టారు: అది టీ పెట్టుకునే బల్ల. అందులో ఫారసీ ఏముంది?

పాతబస్తీ: టీయే లేదు మాస్టారూ. తిపాయి, మూడు కాళ్లది. ‘తి’ హిందీ మూడు, ‘పాయి’ ఫారసీ కాలు. ఇంగ్లీషువాళ్లు దాన్ని టీ అని విన్నారు. చివరికి లండన్ షాపుల్లో కాళ్లున్న తేయాకు పెట్టెలను ఆ పేరుతో అమ్మారు. మనం పైజామాలో పై విన్నట్టే.

లెక్కల మాస్టారు: సరే, ఒప్పుకున్నాను. కానీ ఆ పాయ్ మన పాదం నుంచి పోయిందే అయ్యుంటుంది.

పాతబస్తీ: పోలేదు, రెండూ ఒక తల్లి బిడ్డలు. ఇంగ్లీషు ఫుట్ కూడా ఆ ఇంటిదే. పితృకు ఫాదర్, పంచకు ఫైవ్ ఉన్నట్టు, ఇక్కడి ప అక్కడ ఫ అవుతుంది. ఇంగ్లీషు ఇంట్లో ఫుట్ ఉండగానే వేల ఏళ్ల తర్వాత దాని చుట్టం పైజామా తొడుక్కుని వచ్చింది, ఇంట్లోవాళ్లు గుర్తుపట్టలేదు.

రూమ్మేట్ బాధితుడు: ఇదంతా చదివి నాకు మతిపోతోంది. నా రూమ్మేట్‌ది ఇరాన్. వాడు పడుకునే ప్యాంటును పీజామే అంటాడు, జ మెత్తగా, ఫ్రెంచివాళ్లలాగా. ఇది మీ మాటే కదరా అంటే కాదంటాడు, ఫ్రెంచి మాటట.

పాతబస్తీ: వాడిది అబద్ధం కాదు. ఇరాన్‌లో మామూలు ప్యాంటుకు షల్వార్ అనే అంటారు. ఈ పడకబట్ట మాట వాళ్లకు ఫ్రెంచి నుంచి తిరిగొచ్చింది. వాడు పలికే ఆ మెత్తటి జ అక్కడిదే. ఫారసీ, హిందుస్తానీ, ఇంగ్లీషు, ఫ్రెంచి, మళ్లీ ఫారసీ. ముక్కలు వాళ్లవే, కుట్టు మాత్రం ఊరూరా తిరిగింది.

ఉప్పాడ అబ్బాయి: మా ఊరి జామ్‌దానీ చీరలో ఉన్నది ఈ జామాయేనా?

పాతబస్తీ: కొందరు జామా అంటారు, కొందరు పూలు, పూలకుండీ అంటారు. నాకు మొదటిది నచ్చుతుంది, నచ్చినంత మాత్రాన రుజువు కాదుగా. తెలిసినవాళ్లుంటే రాయండి.

డాలస్ అమ్మమ్మ: చీర సంగతి నాకూ చెప్పండి. మా వాడికి మళ్లీ వచ్చే నెలలో పైజామా రోజుంది, ఈసారి ఎలుగుబంటి బొమ్మలే కొంటున్నాను.

ఉప్పాడ అబ్బాయి: మా అక్క కొడుక్కి అంతా చెప్పాను. విన్నాడు, లేచి వెళ్లి హాల్లో టీపాయ్ కింద తలపెట్టి చూసొచ్చాడు. “దీనికి నాలుగున్నాయి మామయ్యా” అన్నాడు.