అప్‌డేట్: కోచింగ్ పోస్టులో మొదటి లైన్ సమస్య తీరింది

నా ప్రశ్న: "కానిస్టేబుల్ పరీక్షకు ఆన్‌లైన్‌లో అర్థమెటిక్ చెప్తాను. ఫేస్‌బుక్‌లో పోస్టు పెడితే ఎవరూ ఆగి చదవట్లేదు. మొదటి లైన్ ఎలా ఉండాలి?"

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. పనిచేసింది "క్లాసు గురించి కాదు, ఒక లెక్కతో మొదలుపెట్టండి" అన్న మాట. పాత పోస్టు "అనుభవజ్ఞులైన ఫ్యాకల్టీచే..." అని మొదలయ్యేది. ఫోన్‌లో ‘See more’ నొక్కకముందు కనబడేది అదే, అలాంటివి రోజూ వంద కనిపిస్తాయి. ఇప్పుడు ఇలా రాశాను:

"150 మీటర్ల రైలు, గంటకు 54 కిలోమీటర్ల వేగం. 300 మీటర్ల ప్లాట్‌ఫాం దాటడానికి 20 సెకన్లు అన్నారా? మార్కు పోయింది."

54 అంటే సెకనుకు 15 మీటర్లు. 300ని 15తో భాగించి చాలామంది 20 అనేస్తారు. రైలు పొడవు కూడా కలిపితే 450, జవాబు 30 సెకన్లు. జవాబు మొదట్లోనే చెప్పకుండా, ఎక్కువమంది చేసే తప్పునే పైన పెట్టడం వల్ల కామెంట్లలో వాదన మొదలైంది. వివరణ, ఆ కింద బ్యాచ్ టైమింగ్స్, ఫీజు పెట్టాను.

మరీ కష్టమైన లెక్క పెడితే మాత్రం జనం దాటేశారు. చదువుతూనే మనసులో జవాబు తట్టేలా ఉండాలి.

ఎమోజీలు, పోస్టర్ రంగు, పెట్టే టైమ్ మార్చి చూశాను, తేడా ఏమీ రాలేదు. "ఉచితం" అని మొదలుపెడితే మెసేజీలు బాగానే వచ్చాయి గానీ, డెమో తర్వాత దాదాపు ఎవరూ చేరలేదు. లెక్క చూసి వచ్చినవాళ్లు మాత్రం నేరుగా సిలబస్ అడిగారు, వాళ్లతోనే బ్యాచ్ మొదలైంది.