అప్‌డేట్: అమ్మ మోచేతుల మీద మచ్చలు

నా ప్రశ్న: "అమ్మకి మోచేతుల మీద ఎర్రటి మందపాటి మచ్చలు, పైన తెల్లటి పొలుసులు. పాత ఎగ్జిమానా, సోరియాసిస్సా?"

నిన్న గుంటూరులో స్కిన్ డాక్టరు గారికి చూపించాం. సోరియాసిస్ అని తేల్చారు.

డాక్టరు గారు మోచేతులు చూసి ఆగలేదు. జుట్టు పాయలు తీసి తల చూశారు. తర్వాత చెవుల వెనక, నడుం కింద, బొడ్డు, మోకాళ్ళు. ఇన్నాళ్ళూ చుండ్రు అనుకున్నది నుదుటి అంచు దాటి అట్టకట్టి ఉంది. గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలున్నాయి. అవి మేమెప్పుడూ గమనించనేలేదు! పొద్దున లేవగానే కీళ్ళు పట్టేస్తాయా అని కూడా అడిగారు, సోరియాసిస్ కొందరిలో కీళ్ళకీ వస్తుందట.

మా పిన్నికి 20 ఏళ్ళుగా ఎగ్జిమా. తనకి మోచేతి లోపలి మడతలో, మోకాలి వెనక, మెడ మీద ఉంటుంది. గోకీ గోకీ చర్మం నల్లబడి, తోలులా మందమై, గీతలు లోతుగా తేలాయి. మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పలేం. అమ్మ మచ్చలకి మాత్రం గీత గీసినట్టు అంచుంది, పొలుసు వెండి రంగులో పొరలుగా రాలుతుంది. దురద ఇద్దరికీ ఉంది, కాబట్టి దాన్నిబట్టి తేల్చలేం.

అరచేతుల్లో, అరికాళ్ళలో మాత్రమే ఉంటే రెండూ ఒకేలా కనిపిస్తాయనీ, అప్పుడు చిన్న చర్మం ముక్క తీసి బయాప్సీకి పంపాల్సి రావచ్చనీ చెప్పారు. అమ్మకి ఆ అవసరం రాలేదు. పొలుసు గిల్లొద్దన్నారు, కింద రక్తపు చుక్కలు వస్తాయి, గాయమైన చోట కొత్త మచ్చ పుట్టొచ్చు.

4 వారాలకి పూత మందు రాశారు.