మూడు ప్లేట్లు అదిరిపోయాయి, నాలుగోది ఎండిపోయింది: గెలుపు ఎవరిది?

పోటీ_నిర్వాహకురాలు:
ఆరుగురు పోటీదారులు, అందరికీ ఒకే వంటకం: పెనం మీద కాల్చిన చికెన్ బ్రెస్ట్, సాస్, పక్కన మెదిపిన బంగాళాదుంప. ఒక్కొక్కరు నాలుగు ప్లేట్లు పెట్టాలి, నలుగురు జడ్జిలకు తలా ఒకటి. రుచికి 40, పనితనానికి 25, ప్రజెంటేషన్‌కి 20, నిలకడకి 15 మార్కులు. రెండో పోటీదారు పెట్టిన మూడు ప్లేట్లు ఆ రోజు అందరికంటే బాగున్నాయి, నాలుగోదాంట్లో చికెన్ ఎండిపోయింది. ఐదో పోటీదారువి నాలుగూ ఒకేలా వచ్చాయి, కానీ ఏదీ గొప్పగా లేదు. కలిపితే ఐదో ఆయనకు 76, రెండో ఆమెకు 73.75. ఫలితం ప్రకటించేశాం. ఇది న్యాయంగా జరిగినట్టేనా?

పొయ్యిదగ్గర:
ముమ్మాటికీ న్యాయమేనండీ. పన్నెండేళ్లుగా హోటల్ వంటగదిలో ఉన్నాను. ఒక టేబుల్‌కి నాలుగు ప్లేట్లు వెళ్తే, ఎండిపోయింది తిన్న మనిషికి పక్కవాళ్లవి ఎంత బాగున్నాయో ఏం తెలుస్తుంది? ఆయనకి ఆ ఒక్క ప్లేటే మన వంట. అసలు సగటు తీయడమే తప్పంటాను. నాలుగింటిలో ఏది బాగా తక్కువగా ఉందో దానికి వచ్చిన మార్కే ఆ పోటీదారు మార్కు కావాలి. నాలుగు ప్లేట్లు పెట్టమని అడిగింది అందుకే కదా!

కొలతచెంచా:
అంత కఠినంగా వద్దు. దీనికి ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఒకటుంది. అందరికంటే ఎక్కువ వేసిన జడ్జి మార్కు, అందరికంటే తక్కువ వేసిన జడ్జి మార్కు తీసేసి, మధ్యలో మిగిలిన రెండింటి సగటు తీసుకోండి. ఒక జడ్జి చేతి బిగువు వల్ల ఎవరికీ నష్టం ఉండదు. అలా చేస్తే రెండో ఆమె హాయిగా గెలుస్తారు.

రుచిలెక్క:
కొలతచెంచా గారు చెప్పిన పద్ధతి మంచిదే, కానీ జడ్జిలంతా ఒకే దాన్ని చూసి మార్కులు వేసినప్పుడు. ఇక్కడ ఒక్కో జడ్జి ముందు ఒక్కో ప్లేటు ఉంది. అందరికంటే తక్కువ మార్కు తీసేస్తే జడ్జి కోపంతో పాటు ఎండిపోయిన ప్లేటు కూడా లెక్కలోంచి మాయమైపోతుంది. నిలకడ చూడ్డానికే నాలుగు ప్లేట్లు అడిగి, నిలకడ తప్పిందనడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని మనమే పారేసినట్టు అవుతుంది.

నిర్వాహకురాలు గారూ, మూడు సంగతులు చెప్పండి. ఆ ఇద్దరి మార్కులు కాలమ్‌ల వారీగా ఎలా ఉన్నాయి? నిలకడ మార్కు ఎవరు, ఏం చూసి వేశారు? నాలుగో జడ్జి మిగతా ఐదుగురికి ఎలా వేశారు?

పోటీ_నిర్వాహకురాలు:
రెండో ఆమెకు మొదటి ముగ్గురు జడ్జిలూ రుచికి 36, పనితనానికి 22, ప్రజెంటేషన్‌కి 17 వేశారు. నాలుగో జడ్జి 22, 12, 16. సగటు తీస్తే 32.5, 19.5, 16.75. నిలకడకి 5. ఐదో ఆయనకు సగటున 31, 18, 15, నిలకడకి 12. నిలకడ మార్కు ఎవరూ విడిగా వేయలేదు. తిన్నాక నలుగురూ కూర్చుని, ఒకరి మార్కులు ఒకరు చూసుకుని, మాట్లాడుకుని వేశారు. ఇక నాలుగో జడ్జి, రుచిలో అందరికీ మిగతావారి కంటే రెండు మూడు మార్కులు తక్కువే వేస్తూ వచ్చారు.

రుచిలెక్క:
అయితే లోపం ఎక్కడుందో కనిపిస్తోంది. నిలకడ పక్కన పెట్టి చూడండి. రెండో ఆమెకు 68.75, ఐదో ఆయనకు 64. ఎండిన ముక్క దెబ్బ తగిలాక కూడా ఆమే దాదాపు ఐదు మార్కులు ముందున్నారు. ఆ ముక్క బాగా వచ్చి ఉంటే ఆమెకు దాదాపు 75 వచ్చేది, అంటే అప్పటికే ఆరు మార్కుల దాకా పోయాయి. ఆ తర్వాత నిలకడ కాలమ్‌లో అదే ముక్కకి మళ్లీ శిక్ష పడింది. ఒకే తప్పుకి రుచిలో, పనితనంలో, నిలకడలో మూడుసార్లు కోత.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. మీ పోటీలో ఏ జడ్జీ ఒకే మనిషి వండిన రెండు ప్లేట్లు రుచి చూడలేదు. మరి నిలకడ ఎలా తెలిసింది? జడ్జిల మార్కుల మధ్య తేడాని చూసి. ఆ తేడాలో సగం ప్లేటుది, సగం జడ్జిది కావచ్చు, విడదీయడానికి దారి లేదు. మీ అదృష్టం, నాలుగో జడ్జి చేయి ఎంత బిగువో మిగతా ఐదుగురి మార్కుల వల్ల తెలిసింది. ఆమె దగ్గర 14 మార్కుల తేడా ఉంటే, అందులో రెండు మూడు ఆయన అలవాటు, మిగిలిన పదకొండు పన్నెండు ఆ ప్లేటువే. కాబట్టి ముక్క నిజంగానే ఎండింది, అందులో అనుమానం లేదు. కానీ ఐదో ఆయనకు వేసిన 12 దేన్ని బట్టి వేశారో ఎవరూ చెప్పలేరు.

కేకులమ్మ:
నా గోడు కూడా వినండి. మొన్నొక పోటీలో చీటీల్లో నాకు చివరి వంతు వచ్చింది. జడ్జిలు అప్పటికే ఎనిమిది కేకులు తిని ఉన్నారు, నాదాన్ని ఒక్క ముక్క కొరికి పక్కన పెట్టేశారు. తీపి చాల్లేదని రాశారు! ఇంట్లో అందరూ తీపి సరిగ్గా ఉందన్న కేకే అది. వంతుల గురించి ఎవరూ మాట్లాడరేం?

రుచిలెక్క:
అమ్మా, మీరు అడిగింది వేరే సంగతి, కానీ నిజమైన సంగతే. వరసగా తీపి తింటూ పోతే నాలుక దానికి అలవాటు పడుతుంది, తర్వాత వచ్చింది చప్పగా తోస్తుంది. ఉప్పుకీ అంతే. మొదటి పోటీదారుకి ఇంకో చిక్కు: ముందు పోల్చుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి, జడ్జిలు చేయి బిగబట్టి మధ్యస్థంగా వేస్తారు. పోటీలో లేని ప్లేటు ఒకటి అందరికీ ముందే పెట్టి, దానికి ఎన్ని వేస్తారో మాట్లాడుకుని మొదలుపెడితే ఈ రెండో బాధ చాలావరకు తగ్గుతుంది. మొదటిదానికి మధ్యమధ్యలో విరామం, నీళ్లు, చప్పటి బ్రెడ్డు ముక్క. అయినా ఎనిమిది కేకుల తర్వాత ఏ నాలుకా తాజాగా ఉండదు, జడ్జిలను రెండు జట్లుగా చేయాల్సిందే.

పొయ్యిదగ్గర:
మూడుసార్లు కోత అన్నారు, ఒప్పుకుంటాను. కానీ ఆ ముక్క ఎందుకు ఎండిందో ఎవరూ అడగలేదు. బ్రెస్ట్ ఒక వైపు లావుగా, ఇంకో వైపు సన్నగా ఉంటుంది. నాలుగు ముక్కలూ ఒకే మందంలో కోసుకోకుండా, నాలుగింటినీ ఒకే పెనంలో వేసి, గడియారం చూసి ఒకేసారి తీస్తే సన్నది ఎండి తీరుతుంది. ఒక్కో ముక్కలో థర్మామీటరు గుచ్చి, మధ్యలో 74 డిగ్రీలు రాగానే దేన్ని దానిగా తీయాలి. ఇది పూర్తిగా పనితనం తప్పు. లేదా ప్లేటు జడ్జి దగ్గరికి వెళ్లకుండా వేడి దీపం కింద ఆగిపోయి ఉండొచ్చు, అప్పుడు తప్పు వడ్డించేవాళ్లది. తేడా కనిపెట్టడం కష్టమేం కాదు. దీపం కింద ఆగితే సాస్ మీద మీగడలా పొర కడుతుంది, బంగాళాదుంప పైన గట్టిపడుతుంది. పెనంలోనే ఎండితే ఆ రెండూ బాగానే ఉంటాయి, ముక్క ఒక్కటే పీచు పీచుగా విడిపోతుంది. ఏది జరిగింది?

పోటీ_నిర్వాహకురాలు:
అడిగి కనుక్కున్నాను. సాస్ పల్చగా, మెరుస్తూనే ఉందట. బంగాళాదుంప వేడిగా, మెత్తగా ఉందట. ముక్క మాత్రం మిగతా మూడింటికంటే సన్నగా ఉందని ఫోటోల్లో కూడా తెలుస్తోంది. నలుగురూ ఒక్క నిమిషం ప్లేట్లు పక్కపక్కన పెట్టి చూసి ఉంటే, కోయకముందే ఆ తేడా కనిపించేది.

రుచిలెక్క:
సరిగ్గా అదే చేయండి వచ్చేసారి. కోయకముందు నాలుగు ప్లేట్లూ వరసగా పెట్టి ముక్క మందం, సాస్ పరిమాణం, అమరిక చూడాలి. ఆ తర్వాత ప్రతి జడ్జీ తన ప్లేటులోంచి తిని, వెంటనే పక్కవారికి జరపాలి, చల్లారకముందే. అలా ప్రతి ప్లేటుకీ ఇద్దరు, ప్రతి జడ్జికీ రెండు ప్లేట్లు. ఇద్దరూ ఎండిందంటే ప్లేటు తప్పు, ఒక్కరే అంటే జడ్జి సంగతి చూడాలి.

పనితనం మార్కు వంటగదిలో నిలబడి చూసేవారు వేయాలి, తినేవారు కాదు. ప్రతి రెండేళ్లకీ ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఫైనల్ జరిగే బొక్యూజ్ డోర్ పోటీలో కూడా వంటగది జడ్జిలు వేరు, రుచి జడ్జిలు వేరు. ముక్కలు సమానంగా కోయకపోవడం మీద అక్కడే మార్కు తగ్గుతుంది, అది న్యాయమైన కోత. నిలకడకి 15 ఎక్కువ. 10 చేసి మెట్లు ముందే రాసిపెట్టండి: నాలుగూ ఒకటే అయితే 9 లేదా 10, చూపులో తేడా ఉన్నా రుచి ఒకటే అయితే 7, ఒకటి వేరేలా ఉడికితే 4, ఒకటి వడ్డించలేని స్థితిలో ఉంటే సున్నా.

ఈ కొలతతో మీ ఇద్దరినీ మళ్లీ చూశాను. ఆమెకు నిలకడలో 4, ఆయనకు 9 అనుకోండి. 72.75, 73. పావు మార్కు! నిలకడలోంచి తీసిన ఐదు మార్కులూ రుచికి కలిపి 45 చేస్తే ఇద్దరూ 76.8 దాటి పక్కపక్కనే నిలుస్తారు, ఆయన వెంట్రుకవాసి ముందు. ఆమె గెలవాల్సిందని నేను గట్టిగా అనలేను. గెలుపు తేల్చింది వంటకంటే ఎక్కువగా నిలకడ కాలమ్‌కి ఎన్ని మార్కులు పెట్టారన్నదేనని మాత్రం అనగలను.

కొలతచెంచా:
నా పద్ధతి ఇక్కడ పనికిరాదని అర్థమైంది. కానీ ప్లేట్లు జరిపాక, ప్రతి ప్లేటుకీ ఇద్దరు జడ్జిలు ఉన్నప్పుడు కూడా రుచి మార్కు సగటేనా? ముగ్గురికి అద్భుతం, ఒకరికి నిరాశ అన్న వంట, నలుగురికీ పర్వాలేదన్న వంట ఒకటే ఎలా అవుతాయి? నాకైతే మొదటిదే పెద్ద వంట.

పొయ్యిదగ్గర:
మీకు పెద్ద వంట, నాకు ఒక చెడ్డ ప్లేటు. నిలకడలో 4 మార్కులు వచ్చినా సరే, ఏదో ఒక ప్లేటు తేడాగా వచ్చిన మనిషికి మొదటి బహుమతి ఇవ్వకూడదని నియమం రాయాలంటాను. ఇంకొకటి కూడా: ఎండిపోవడం రుచి తప్పు, లోపల పచ్చిగా ఉండడం ఆరోగ్యం తప్పు. మధ్యలో 74 డిగ్రీలు చేరని ముక్క ఎవరి ప్లేటులో దొరికినా మిగతా మూడూ ఎంత బాగున్నా పోటీలోంచి తప్పించాలి, దానికి మార్కుల లెక్కే అక్కర్లేదు.

రుచిలెక్క:
పచ్చి ముక్క విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. మొదటి బహుమతి నియమం విషయంలో లేదు. అలా రాస్తే అందరూ తేలికైన, తప్పు జరగని వంటే వండుతారు, ఐదో ఆయనలాగా. వరల్డ్‌షెఫ్స్ సంస్థ హాట్ కిచెన్ పోటీల స్కోరు షీటులో నూటికి 50 రుచికే ఇవ్వడం ఊరికే కాదు.

పోటీ_నిర్వాహకురాలు:
ప్రకటించిన ఫలితం మార్చను. నియమాలు ముందే చెప్పాం, ఆ నియమాల ప్రకారమే ఇద్దరూ వండారు. వచ్చే పోటీకి ప్లేట్లు జరిపే పద్ధతి, వంటగదిలో విడిగా ఒక జడ్జి, రాసిపెట్టిన మెట్లు, పచ్చి ముక్కకి తొలగింపు, ఈ నాలుగూ పెడుతున్నాను. మొదటి బహుమతి నియమం మీద మా కమిటీలో కూడా సగం మంది పొయ్యిదగ్గర గారి వైపు, సగం మంది రుచిలెక్క గారి వైపు ఉన్నారు. రెండో ఆమెకు ఆమె మార్కుల షీటు, నాలుగు ప్లేట్ల ఫోటోలు పంపించాను.