ఫిలమెంట్‌ని తీగ అనవచ్చా?

గుంటూరు టీచర్:
ఏడో తరగతి పిల్లల గోడపత్రిక కోసం "ఎడిసన్ సన్నని తీగను వెలిగించి బల్బు కనిపెట్టాడు" అని రాశాను. తోటి టీచర్ "తీగ" కొట్టేసి "తంతువు" అని పెట్టారు. తంతువు అంటే పిల్లలకి ఏం తెలుస్తుంది? మీరేమంటారు?

కాకినాడ కుర్రాడు:
తీగే కరెక్ట్ మేడమ్. ఎడిసన్ ఎన్నో పదార్థాలు ప్రయత్నించి చివరికి టంగ్‌స్టన్ దగ్గర ఆగాడు. టంగ్‌స్టన్ లోహమే కదా, తీగ అంటే తప్పేముంది?

రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు:
ఎన్నో ప్రయత్నించిన మాట నిజమే బాబూ. టంగ్‌స్టన్ మాత్రం ఆయనది కాదు. 1879 అక్టోబరులో మెన్లో పార్కులోని ఎడిసన్ ప్రయోగశాలలో పదమూడు గంటలకు పైగా వెలిగింది నూలుదారం. గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేసిన దారం. తర్వాత అట్టముక్క, ఆ తర్వాత జపాన్ వెదురు. వీటిలో ఏదీ తీగ కాదు.

బొగ్గే ఎందుకంటే, అంతకుముందు ప్రయత్నించిన ప్లాటినం లోహం 1768 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. దానితో మంచి వెలుగు రావాలంటే కరిగే అంచు దాకా తీసుకెళ్లాలి, కాస్త ఎక్కువైతే అయిపోయినట్టే. బొగ్గు అంతకు రెట్టింపు వేడిని కూడా ఓర్చుకుంటుంది, కానీ గాలి తగిలితే కాలిపోతుంది. ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ 1850ల నుంచే బొగ్గు చేసిన కాగితంతో కుస్తీ పట్టాడు. గాజులోంచి గాలి పూర్తిగా తీసే పంపు అప్పటికి లేదు. 1865లో స్ప్రెంగెల్ పాదరసం పంపు వచ్చాకే దారి దొరికింది. అప్పుడూ ఒక చిక్కు మిగిలింది. బొగ్గు తన లోపలే గాలిని దాచుకుంటుంది. అందుకే కరెంటు పంపి దాన్ని ఎర్రగా కాలుస్తూనే పంపు నడపాలి.

హైదరాబాద్ అనువాదకురాలు:
మరి స్వాన్ ముందే చేశాడుగా మాస్టారూ. "ఎడిసన్ కనిపెట్టాడు" అనే మాటే తీసేయాలి.

రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు:
1879 ఫిబ్రవరిలోనే స్వాన్ న్యూకాసిల్‌లో వెలిగించి చూపించాడమ్మా. కానీ ఆయన వాడింది లావుపాటి బొగ్గు కడ్డీ, నిరోధం చాలా తక్కువ. ఉదాహరణకి 100 వాట్లు కావాలనుకోండి. నిరోధం 1 ఓమ్ అయితే 10 ఆంపియర్లు లాగుతుంది. 100 ఓమ్‌లు అయితే 100 వోల్టుల మీద 1 ఆంపియరు చాలు. కరెంటు పది రెట్లయితే, అదే రాగి తీగలో వృథా వంద రెట్లు. ఊరంతా లావుపాటి రాగి ఎవరు వేస్తారు? అందుకే ఎడిసన్ పట్టుబట్టి సన్నగా, పొడుగ్గా చేయించాడు. తర్వాత స్వాన్ కూడా సన్నని దారానికే వచ్చాడు. 1883లో బ్రిటన్‌లో ఇద్దరి కంపెనీలు కలిసిపోయాయి.

చీరాల చేనేత:
నూలుదారమే అయితే "పోగు" అనండి. మగ్గం మీద మేం ఒక్కో దారాన్నీ అలాగే అంటాం. పోగు ఎక్కడ సన్నబడితే అక్కడే తెగుతుంది. బల్బులోనూ అంతేనా మాస్టారూ?

రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు:
అసలు రోగం పట్టుకున్నారన్నా! సన్నగా ఉన్నచోట నిరోధం ఎక్కువ, వేడీ ఎక్కువే. అక్కడే బొగ్గు ఆవిరై ఇంకా సన్నబడి చివరికి తెగుతుంది. ఆ ఆవిరే గాజు లోపల నల్లగా పేరుకుంటుంది. దీనికి మందు కనిపెట్టింది న్యూయార్క్‌లో సాయర్, మాన్ అనే ఇద్దరు. బొగ్గుపోగుని హైడ్రోకార్బన్ ఆవిరిలో పెట్టి కరెంటు పంపారు. ఎక్కువ వేడెక్కిన సన్నచోటే ఆవిరిలోని బొగ్గు ఎక్కువగా అంటుకుంది. పోగు తన లోపాన్ని తానే పూడ్చుకుందన్నమాట. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

నిజామాబాద్ నుంచి:
ఇది చెప్పండి ముందు. మా బాత్రూంలో పాత బల్బు ఎప్పుడు పోయినా స్విచ్ వేయగానే టప్‌మని పోతుంది. వెలుగుతూ ఉండగా పోదు. వోల్టేజీ తేడానా?

రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు:
వోల్టేజీ ఎక్కువగా ఉంటే బల్బు ఆయుష్షు తగ్గుతుంది, అది వేరే. మీది టంగ్‌స్టన్ బల్బు. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం వేడిగా ఉన్నప్పటిలో పదో వంతుకి అటూఇటూ ఉంటుంది. అందుకే వేసిన క్షణంలో కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. అప్పటికే సన్నబడిన చోటు ఆ దెబ్బకి తెగుతుంది.

కాకినాడ కుర్రాడు:
అయితే టంగ్‌స్టన్ ఎవరిది మాస్టారూ? 3400 డిగ్రీల దాకా కరగదంటారుగా, ముందే ఎందుకు వాడలేదు?

రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు:
కరగదు కాబట్టే పోత పోయలేకపోయారు. దొరికేది పొడి. 1904లో జస్ట్, హనామన్ అనే ఇద్దరు ఆ లోహంతో ఫిలమెంట్ చేశారు కానీ పెళుసు, కుదుపుకి విరిగేది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో కూలిడ్జ్ అనే ఆయన పొడిని కడ్డీగా నొక్కి, కాల్చి, వేడిమీద సుత్తిదెబ్బలు కొట్టించి సాగే గుణం తెప్పించాడు. 1910 ప్రాంతంలో అది నిజంగా తీగైంది.

గుంటూరు టీచర్:
అయితే 1879కి పోగు, 1910 తర్వాత తీగ అని రాస్తాను. "ఎడిసన్ బృందం ఊరంతటికీ పనికొచ్చే బల్బు తయారుచేసింది" అంటే సరిపోతుందా?

హైదరాబాద్ అనువాదకురాలు:
స్వాన్ పేరు లేకుండా ఒప్పుకోను మేడమ్. రెండు పేర్లూ పక్కపక్కన పెట్టండి.

చీరాల చేనేత:
సాయర్, మాన్ పేర్లు కూడా పెట్టండమ్మా. పోగు బాగుచేసింది వాళ్లేగా.