బొమ్మ పోయిన వాలుతలం లెక్క: ఉన్న అంకెలతో చేయవచ్చా, చేయకూడదా?

ఇంటర్ విద్యార్థి, చిత్తూరు

సార్, వాలుతలం మీద ఒక దిమ్మె, కొనలో ఉన్న కప్పీ మీదుగా తాడుకు వేలాడుతూ ఇంకో దిమ్మె ఉన్నాయి. ద్రవ్యరాశులు 4 కి.గ్రా., 5 కి.గ్రా. కోణం 37°, ఘర్షణ గుణకం 0.25, g = 10. తాడులో తన్యత అడిగారు, జవాబు 40 N అని ఉంది. జిరాక్సులో బొమ్మ రాలేదు. బొమ్మ లేకుండా ఈ లెక్క చేయవచ్చా, లేక వదిలేయాలా?

బీటెక్ మెకానికల్, తిరుపతి

తమ్ముడూ, తన్యత మాత్రమే అడిగితే బొమ్మ అక్కర్లేదు. వాలుపై ఉన్నదాన్ని m1 అని, వేలాడేదాన్ని m2 అని అనుకుని, రెండింటికీ విడివిడిగా సమీకరణాలు రాసి త్వరణాన్ని తొలగిస్తే మిగిలేది ఇది:

```
T = m1·m2·g·(1 + sinθ + μ·cosθ) / (m1 + m2)
```

ఇందులో m1, m2 లను అటూ ఇటూ మార్చినా విలువ మారదు. sin 37° = 0.6, cos 37° = 0.8 వేస్తే 20 × 10 × 1.8 ను 9 తో భాగించాలి, 40 వస్తుంది. ఏ దిమ్మె ఎక్కడుందో తెలియకపోయినా జవాబు ఒక్కటే కాబట్టి వదిలేయాల్సిన పని లేదు. త్వరణం అడిగి ఉంటే మాత్రం బొమ్మ కావాలి.

విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి

సూత్రం సరైనదే, దాని సౌష్ఠవాన్ని గమనించడం కూడా బాగుంది. కానీ వేలాడే దిమ్మె కిందికి దిగుతూ, వాలుపై ఉన్న దిమ్మె పైకి జారుతున్నప్పుడే ఆ సూత్రం చెల్లుతుంది. దిమ్మెలు కదులుతాయో లేదో చూడకుండా అందులో అంకెలు వేయకూడదు. ఈ లెక్కలో 40 రెండు విధాలా వచ్చింది కానీ, రెండుసార్లూ ఒకే కారణంతో రాలేదు.

ముందుగా 4 కి.గ్రా. దిమ్మె వాలుపై ఉందనుకుందాం. వేలాడేదాని బరువు 50 N. వాలు వెంట కిందికి లాగే భాగం 40 × 0.6, అంటే 24 N. అభిలంబ బలం 32 N కాబట్టి ఘర్షణ గరిష్ఠంగా 8 N. 50 లోంచి 24, 8 తీసేస్తే 18 మిగులుతుంది, మొత్తం ద్రవ్యరాశి 9 కాబట్టి త్వరణం 2 మీ/సె². వేలాడే 5 కి.గ్రా.కు తన్యత 5 × (10 − 2), అంటే 40 N.

ఇప్పుడు 5 కి.గ్రా. దిమ్మెను వాలుపైకి మారుద్దాం. వేలాడే బరువు 40 N. వాలు వెంట కిందికి లాగేది 30 N, ఘర్షణ గరిష్ఠంగా 10 N. ఈ రెండూ కలిస్తే సరిగ్గా 40. నిశ్చలంగా వదిలితే కదలదు, త్వరణం సున్నా. తన్యత 40 N కావడానికి కారణం వేలాడే దిమ్మె బరువు 40 N కావడమే, అంతకుమించి ఏమీ లేదు. ఇది కదలిక మొదలయ్యే అంచున ఉండబట్టి సూత్రం కూడా అదే విలువ ఇచ్చింది. ఈ అంకెలతో ఆ అంచు తగలడం యాదృచ్ఛికం, మరో అంకెలకు ఇలా జరుగుతుందని అనుకోకూడదు.

గ్రానైట్ యార్డు, కుప్పం

నేను ఇంటర్‌తో ఆపేసినవాణ్ణి, తప్పుంటే మన్నించండి. రాతి దిమ్మెలను వాలు మీదికి ఇనుప తాడుతో, కప్పీ మీదుగా లాగించడం మాకు రోజూ ఉండే పని. కప్పీలో గ్రీజు ఎండిపోయిన రోజు లాగే వైపు ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది, దిమ్మె వైపు తాడులో అంత ఉండదు. మీరు తాడు మొత్తానికి ఒకే తన్యత రాస్తున్నారే, అది ఎలా కుదురుతుంది? ఇంకో మాట. దిమ్మె మొదట ఎంత లాగినా కదలదు, కదిలిన మరుక్షణం ఒక్కసారిగా తేలికై ముందుకు దూకుతుంది. ఆ సమయంలో మా వాళ్లు ఎవ్వరూ తాడుకు ఎదురుగా నిలబడరు. ఒకే ఒక్క 0.25 తో మీకు రెండు పరిస్థితులూ ఎలా తెలుస్తాయి?

విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి

మీరు చూసినవి రెండూ నిజాలే. కప్పీకి ద్రవ్యరాశి గానీ, ఇరుసు దగ్గర ఘర్షణ గానీ ఉంటే రెండు వైపులా తన్యతలు వేరుగా ఉంటాయి. పరీక్ష లెక్కల్లో కప్పీ నునుపైనదని, తేలికైనదని రాస్తారు, ఆ మాట ఉన్నంతవరకే ఒకే T రాస్తాం. విద్యార్థి పంపిన వాక్యంలో ఆ మాట లేదు. అది కూడా బొమ్మతో పాటే పోయిందో, అసలే లేదో మనకు తెలియదు.

దిమ్మె దూకడానికి కారణం స్థైతిక ఘర్షణ గతిక ఘర్షణ కంటే ఎక్కువగా ఉండటం. 5 కి.గ్రా. వాలుపై ఉన్న సందర్భంలో స్థైతిక గుణకం 0.25 కంటే ఎక్కువైతే దిమ్మె అంచున కాక ఇంకా గట్టిగా ఆగి ఉంటుంది, తన్యత మాత్రం 40 N గానే ఉంటుంది. 4 కి.గ్రా. వాలుపై ఉన్న సందర్భంలో కదలడం మొదలవ్వాలంటే స్థైతిక ఘర్షణ 26 N ను దాటకూడదు, అంటే ఆ గుణకం 0.81 లోపు ఉండాలి. సాధారణ లెక్కల్లో ఉంటుంది కాబట్టి ఆ పేచీ వదిలేద్దాం.

ఇంటర్ విద్యార్థి, చిత్తూరు

సార్, నా మిత్రుడి దగ్గర అసలు కాగితం ఉండేది. వాడు చెప్పేదాన్ని బట్టి 37° అని కింద భూమి దగ్గర కాక, పైన కప్పీ దగ్గర నిలువు గీతకూ వాలుకూ మధ్య గుర్తు పెట్టి ఉందట. అప్పుడు ఏం చేయాలి?

బీటెక్ మెకానికల్, తిరుపతి

అలాగైతే భూమితో వాలు కోణం 53° అవుతుంది, sin 0.8, cos 0.6. సూత్రంలో వేస్తే 200 × 1.95 ను 9 తో భాగించాలి, 43.3 N. ఏ దిమ్మె ఎక్కడున్నా ఇంతే. కాబట్టి నీ జవాబుల పట్టికే తప్పై ఉండాలి, లేకపోతే నీ మిత్రుడు పొరబడి ఉండాలి.

5 కి.గ్రా. వాలుపై ఉంటే త్వరణం (40 − 40 − 7.5)/9, అంటే −0.83 వస్తుంది. రుణ గుర్తు వచ్చింది కాబట్టి దిమ్మె వాలు మీద కిందికి జారుతుందని అర్థం.

విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి

ఇక్కడే చాలామంది జారిపడతారు, అందుకే కాస్త వివరంగా రాస్తాను. ఘర్షణ లేని లెక్కలో రుణ గుర్తు వస్తే దిశ తిరగబడిందని అనుకోవచ్చు. ఘర్షణ ఉన్న లెక్కలో అనుకోకూడదు. మీరు దిమ్మె పైకి జారుతుందని ఊహించి, ఘర్షణను కిందికి పెట్టారు. అదే దిమ్మె నిజంగా కిందికి జారితే ఘర్షణ పైకి మారుతుంది, మీ సమీకరణం అక్కడితో చెల్లదు. కొత్తగా రాస్తే కిందికి లాగేది 40, పైకి లాగే తాడు 40, పైగా ఘర్షణ 7.5 పైకి. మళ్లీ రుణమే వస్తుంది. రెండు దిశల్లోనూ రుణమే వచ్చిందంటే దిమ్మె కదలదు, ఘర్షణకు దానంతట అది దిమ్మెను లాక్కుపోయే శక్తి లేదు.

ఈ సందర్భంలో వాలు వెంట రెండు బలాలూ 40 చొప్పున సరిపోయాయి కాబట్టి ఘర్షణకు పనే లేదు, దాని విలువ సున్నా. తన్యత వేలాడే బరువుకు సమానం, అంటే 40 N. మీరు చెప్పిన 43.3 కాదు. సౌష్ఠవం ఉన్నా సూత్రం పనిచేయని చోటు ఇదే. 4 కి.గ్రా. వాలుపై ఉంటే మాత్రం 50 లోంచి 32, 6 పోగా 12 మిగులుతుంది, త్వరణం 1.33, తన్యత మీరు చెప్పినట్టే 43.3.

అంటే నాలుగు బొమ్మల్లో మూడింటికి 40 N సరిపోతుంది, ఒక్కదానికే సరిపోదు.

ఒక తల్లి, పలమనేరు

మా అమ్మాయి కాలేజీ పరీక్షలో కూడా బొమ్మ సరిగ్గా అచ్చు కాలేదు. తనే ఒక బొమ్మ గీసుకుని, బరువైన దిమ్మె వేలాడుతున్నట్టు రాసి, లెక్క పూర్తి చేసింది. కాలేజీ వాళ్లు బొమ్మ వేరు అని మార్కులన్నీ కోసేశారు. ఇలాంటప్పుడు మార్కులు కలపాలని ఏదైనా నియమం ఉందా సార్? మీరందరూ తన్యత ఎంతో చెబుతున్నారు గానీ ఆ సంగతి ఎవరూ చెప్పడం లేదు.

విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి

అమ్మా, మార్కుల సంగతి కాలేజీనే అడగాలి, ఇక్కడ అడిగిన ప్రశ్న అది కాదు. అయితే మీ అమ్మాయి తన ఊహను కాగితం మీద రాసిందని మీరు చెప్పారు. నేను దిద్ది ఉంటే ఆ ఊహకు తగిన పద్ధతికి మార్కులు వేసేవాణ్ణి. అందరూ అలా దిద్దరు.

ఇకపై ఇక్కడ లెక్క పంపేవాళ్లు బొమ్మ లేకపోతే కనీసం ఈ పద్ధతిలో ఒక వరుస రాయండి:

```
వాలుపై: 4 కి.గ్రా.   వేలాడేది: 5 కి.గ్రా.
కోణం: 37° (భూమితో / నిలువుతో)
μ: 0.25   (స్థైతిక / గతిక / చెప్పలేదు)
అడిగింది: T / a   మొదట: నిశ్చలం / కదులుతూ
```

ద్రవ్యరాశులను రెండు అంకెలుగా కాక, ఏది ఎక్కడుందో చెబుతూ రాయడం ఇందులో అన్నింటికంటే ముఖ్యం. అడిగింది త్వరణమైతే అది మారగానే జవాబు 2 నుంచి సున్నాకు పడిపోతుంది. తన్యత అడిగితే పొరపాటు జరిగినా బయటపడదు, జవాబు సరిపోయిందని విద్యార్థి తప్పు బొమ్మతోనే ముందుకు వెళ్లిపోతాడు.

బీటెక్ మెకానికల్, తిరుపతి

రుణ గుర్తు గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను సార్. కానీ ప్రతిదానికీ నాలుగు బొమ్మలు గీస్తూ కూర్చుంటే ఈఏపీసెట్‌లో సమయం చాలదు. కోణం పక్కన ఏమీ చెప్పకపోతే భూమితోనే అనుకోవడం, దిమ్మెలు కదులుతాయని అనుకోవడం వాడుకలో ఉన్నదే. ఆ రెండూ అనుకుంటే 4 కి.గ్రా. వాలుపై ఉన్న బొమ్మ ఒక్కటే మిగులుతుంది.

విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి

పరీక్ష హాల్లో బొమ్మ ముందే ఉంటుంది, ఆ తొందర అక్కడిది. ఇక్కడ మనం పోయిన బొమ్మను వెతుకుతున్నాం. ఇక్కడ "కదులుతుందని అనుకుందాం" అంటే, తేల్చాల్సిన విషయాన్నే ముందుగా ఒప్పేసుకున్నట్టు.

ఇంటర్ విద్యార్థి, చిత్తూరు

మిత్రుణ్ణి మళ్లీ అడిగాను సార్. పెద్ద దిమ్మే వేలాడుతోందని, కోణం పైనే రాసి ఉందని వాడు గట్టిగా అంటున్నాడు. ఆ రెండూ కలిస్తే 43.3 వస్తుంది కదా, పట్టికలో మాత్రం 40 ఉంది.

విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి

పట్టిక సరైనదైతే మీ మిత్రుడు చెప్పిన రెండింట్లో కనీసం ఒకటి తప్పు. ఏది తప్పో తన్యతతో తేలదు. ఆ కాగితంలో ఇదే బొమ్మ మీద మరో ప్రశ్న ఉందేమో చూడండి. త్వరణం గానీ ఘర్షణ బలం గానీ అడిగి ఉంటే తేలిపోతుంది. మిగిలిన మూడు బొమ్మల్లో ఘర్షణ 8, 10, 0 గా వేరువేరుగా ఉంది.

ఇంటర్ విద్యార్థి, చిత్తూరు

కింద ఒక ప్రశ్న ఉంది సార్, దిమ్మెపై ఘర్షణ బలం ఎంత అని. ఎంపికల్లో 0, 8, 10 మూడూ ఉన్నాయి. దాని జవాబు ఉన్న పేజీ నా దగ్గర లేదు.

బీటెక్ మెకానికల్, తిరుపతి

నేనైతే 8 పెడతాను.

విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి

నేను ఆ పేజీ దొరికేదాకా ఏదీ పెట్టను. ఎంపికల్లో 0 కూడా ఉందంటే, కోణం గుర్తు పైన ఉందన్న మీ మిత్రుడి మాటను ఇంకా కొట్టివేయడానికి లేదు.